కదలిక పెరిగినా స్ట్రాడిల్ ఎందుకు నష్టపోయింది?

ప్రశ్న: నిఫ్టీ ఫ్యూచర్స్ 24,000 దగ్గర ఉండగా, ఎక్స్‌పైరీకి 21 ట్రేడింగ్ రోజుల ముందు, 24,000 కాల్, పుట్ పదేసి లాట్లు కొన్నాను. రెండూ కలిపి 663 పాయింట్లు పడింది, ఐవీ 12 శాతం. లాట్ 75 ఉన్నప్పటి సంగతి ఇది. రోజూ ముగింపు వేళ ఫ్యూచర్స్‌తో డెల్టాను సున్నాకు తెచ్చాను. మొదటి 12 రోజులు స్ట్రైక్ చుట్టూ రోజుకు వంద పాయింట్లు అటూ ఇటూ ఆడింది. తర్వాత రెండు రోజుల్లో 350 చొప్పున 700 పెరిగింది. చివరి ఏడు రోజులు 24,700కూ 24,950కీ మధ్య రోజుకు 250 ఊగింది. మొత్తానికి రియలైజ్డ్ వొలటాలిటీ 12.7 వచ్చింది. అయినా ఖర్చులు కాక 12 వేల దాకా పోయింది. ఎక్కడ తప్పింది? ఇంకా తరచుగా హెడ్జ్ చేసి ఉండాల్సిందా? మా తమ్ముడు ఒక్క లాట్‌తో ఇదే చేస్తానంటున్నాడు, కుదురుతుందా?

— గుంటూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ 12.7 సరైన లెక్కే, నేనూ వేసి చూశాను. హెడ్జింగ్‌లోనూ చెప్పుకోదగ్గ పొరపాటు లేదు. తిరకాసంతా ఆ 12.7ను తీసుకెళ్లి 12 పక్కన పెట్టి పోల్చడంలో ఉంది. మీ సగటులో 21 రోజులకూ ఒకే బరువు ఉంది. మీ స్ట్రాడిల్‌కు మాత్రం ఆ 21 రోజుల్లో ఏ రెండూ ఒకే బరువువి కావు.

ముందు ఒక్క రోజు లెక్క తీసుకుందాం. మీరు కొన్న నాడు ఒక కాల్, ఒక పుట్ కలిసిన స్ట్రాడిల్ గామా సుమారు 0.00096. నిఫ్టీ వంద పాయింట్లు పెరిగితే డెల్టా సున్నా నుంచి 0.096కు చేరుతుంది. అది ఒక్కసారిగా కాక క్రమంగా పెరిగింది కాబట్టి, ఆ వంద పాయింట్ల దారిలో మీ చేతిలో సగటున 0.048 డెల్టా ఉన్నట్టు లెక్క. దాన్ని వందతో గుణిస్తే 4.8 పాయింట్ల రాబడి వస్తుంది. నిఫ్టీ పెరగడానికి బదులు వంద పడినా రాబడి అంతే, డెల్టా గుర్తు మాత్రం మారుతుంది. కదలిక రెండు వందలైతే సగటు డెల్టా కూడా రెట్టింపవుతుంది కనుక రాబడి రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లై 19 పాయింట్లు దాటుతుంది. సూత్రంలో కనిపించే సగమూ, వర్గమూ రెండూ ఇక్కడి నుంచి వచ్చినవే.

అదే రోజు తీటా రూపంలో మీరు కట్టింది 15.8 పాయింట్లు. స్ట్రైక్ దగ్గర ఉన్న స్ట్రాడిల్‌కు దీన్ని నోటి లెక్కతో తేల్చవచ్చు: ప్రీమియాన్ని మిగిలిన రోజుల రెట్టింపుతో, అంటే 663ను 42తో భాగిస్తే సరిపోతుంది. ఈ 15.8 ఏదో కాలం పేరిట వసూలు చేసే జరిమానా అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది, ఆ రోజు నిఫ్టీ సరిగ్గా 181 పాయింట్లు కదిలితే మీ గామా సంపాదించే మొత్తం. 12 శాతం వార్షిక వొలటాలిటీని 252 రోజుల వర్గమూలమైన 15.87తో భాగించి 24,000తో గుణిస్తే ఆ 181 వస్తుంది. రెంటినీ పక్కపక్కన రాస్తే ఇలా ఉంటుంది (వడ్డీని పక్కన పెట్టాను, ఫ్యూచర్స్ ధరతో లెక్క వేస్తున్నప్పుడు దాని ప్రభావం స్వల్పం):

```
gamma_pnl = 0.5 * G * dS**2
theta_day = 0.5 * G * (S * IV / 15.87)**2
```

రెండు వరుసల్లోనూ G ఉందని గమనించండి. ఒక రోజు గెలిచారా ఓడారా అన్నది కదలిక 181ని దాటిందా లేదా అన్న దానితోనే తేలిపోతుంది, అందులో గామాకు పాత్ర లేదు. ఎంత గెలిచారు, ఎంత ఓడారు అన్నది మాత్రం పూర్తిగా గామా చేతిలో ఉంటుంది. మీ నెలలో ఓడిన రోజులన్నీ గామా నిండుగా ఉన్నప్పుడు వచ్చాయి, గెలిచిన రోజుల్లో ఎక్కువ భాగం గామా అడుగంటిన తర్వాత వచ్చాయి.

ఇప్పుడు మీ 21 రోజులను ఐవీ అంతటా 12 శాతమే ఉన్నట్టు భావించి నడిపిద్దాం. మొదటి 12 రోజులు నిఫ్టీ స్ట్రైక్‌ను అంటిపెట్టుకుని ఉంది. ఆ రోజుల్లో స్ట్రాడిల్ ధర 663 నుంచి 434కు దిగింది, అంటే 229 పాయింట్ల తీటా కట్టారు. రోజుకు 181 కావలసిన చోట వందే కదిలింది. 100ని 181తో భాగించి వర్గం చేస్తే 0.30 వస్తుంది, అంటే కట్టిన ప్రతి రూపాయికీ ముప్పై పైసలే తిరిగి వచ్చాయి. సగానికి పైగా కదిలింది కదా, సగమైనా వచ్చి ఉంటుందని మనసు సర్ది చెబుతుంది, వర్గం ఆ సర్దుబాటుకు ఒప్పుకోదు. 229కి బదులు 70 వచ్చాయి, 159 పాయింట్లు పోయాయి. పది లాట్లకు, అంటే 750 యూనిట్లకు, అది లక్షా 19 వేల రూపాయలు.

తర్వాతి రెండు రోజులు బాగా కలిసొచ్చాయి. మొదటి 350 పాయింట్ల రోజు చివర డెల్టా సుమారు 0.50కి చేరింది కాబట్టి మీరు ఐదు లాట్ల ఫ్యూచర్స్ అమ్మారు. రెండో రోజు మరో 350 పెరిగినప్పుడు ఆ అమ్మకం 177 పాయింట్లు తినేసింది. అయినా స్ట్రాడిల్ 434 నుంచి 731కి ఎక్కింది కాబట్టి నికరంగా 120 పాయింట్లు మిగిలాయి. ఆ సాయంత్రానికి మీ నష్టం 39 పాయింట్లకు తగ్గింది. ఇంకా ఏడు రోజులున్నాయి, ప్రతి రోజూ 250 పాయింట్ల ఊపు. మీ స్థానంలో ఎవరున్నా ఇక గెలిచినట్టే అనుకుంటారు.

ఆ ఏడు రోజులూ కలిసి తెచ్చింది 23 పాయింట్లు! ఎందుకో దగ్గరగా చూడాలి. ఏడు రోజులు మిగిలి ఉండగా, 12 శాతం ఐవీ ప్రకారం ఎక్స్‌పైరీ లోపు ఒక ప్రామాణిక విచలనం అంటే 480 పాయింట్లు. నిఫ్టీ మీ స్ట్రైక్‌కు 700 పాయింట్ల దూరంలో, అంటే ఒకటిన్నర విచలనాల అవతల కూర్చుంది. అక్కడ మీ స్ట్రాడిల్ గామా 0.00057, అదే రోజు స్ట్రైక్ దగ్గరే ఉండి ఉంటే 0.00166 ఉండేది, దాదాపు మూడు రెట్లు. మర్నాడు 24,950కి చేరేసరికి అది 0.00018కి పడింది. అక్కడ మీ పుట్ విలువ దాదాపు ఆవిరైపోయింది, కాల్ డెల్టా 0.98. పేరుకు అది స్ట్రాడిల్. చేతిలో ఉన్నది పది లాట్ల ఫ్యూచర్స్ కొనుగోలు లాంటిదొకటి, దానికి ఎదురుగా మీరే అమ్మిన పది లాట్ల ఫ్యూచర్స్. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంటే నిఫ్టీ ఎంత ఊగినా ఖాతాలో చలనం ఉండదు. 24,700 నుంచి పైకి వెళ్లిన రోజులు వరుసగా 10, 8, 4 పాయింట్లు తెచ్చాయి, చివరిది ఏమీ తేలేదు. 24,950 నుంచి కిందికి దిగిన రోజులు మూడూ కలిసి ఒక పాయింటు కూడా తేలేదు.

159 పోయి, 120 వచ్చి, 23 వచ్చి, నికరంగా 16 పాయింట్ల నష్టం. 750తో గుణిస్తే మీ 12 వేలు.

ఇవే 21 కదలికలను మరో వరుసలో పేర్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 250 పాయింట్ల ఊపు ఉన్న ఏడు రోజులు ముందే, స్ట్రైక్ చుట్టూ వచ్చి ఉంటే, ఆ తర్వాత 12 రోజుల స్తబ్ధత, ఆఖరున రెండు రోజుల పరుగు వచ్చి ఉంటే, నా లెక్క ప్రకారం మీకు సుమారు 40 పాయింట్ల లాభం మిగిలేది. రియలైజ్డ్ వొలటాలిటీలో తేడా నామమాత్రం. మారింది వరుస, స్ట్రైక్‌కు దూరం, అంతే. కాబట్టి నెల చివర రియలైజ్డ్, ఇంప్లైడ్ అంకెలను పోల్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. ప్రతి సాయంత్రం ఆ రోజు గామాతో ఆ రోజు కదలిక వర్గాన్ని గుణించి, అందులో సగాన్ని కట్టిన తీటా పక్కన రాసుకుంటేనే మీ స్ట్రాడిల్ ఎలా నడుస్తోందో తెలుస్తుంది. గామా బరువుతో తీసిన ఆ సగటు మీ నెలకు 12 కంటే తక్కువ వస్తుంది.

ఇక ఇంకా తరచుగా హెడ్జ్ చేసి ఉండాల్సిందా అన్న ప్రశ్న. దీనికి సూటిగా అవుననో కాదనో చెప్పే వాళ్లు ఎక్కువగా తమకు బాగా కలిసొచ్చిన నెలను గుర్తు పెట్టుకుని మాట్లాడతారని నా అనుభవం. కొన్న మొదటి రోజునే తీసుకుందాం. పది లాట్లకు డెల్టా పాయింటుకు 0.0096 లాట్ల చొప్పున మారుతుంది కాబట్టి, 104 పాయింట్లకోసారి ఒక లాట్ ఫ్యూచర్స్ అమ్మడమో కొనడమో చేయాల్సి వస్తుంది. నిఫ్టీ ఉదయం 24,000 నుంచి 24,208కి ఎక్కి, సాయంత్రానికి తిరిగి 24,000కు వచ్చిందనుకోండి. 104కోసారి హెడ్జ్ చేసేవారు 24,104 దగ్గర ఒకటి, 24,208 దగ్గర ఒకటి అమ్ముతారు. దిగేటప్పుడు 24,104 దగ్గర ఒకటి, 24,000 దగ్గర ఒకటి తిరిగి కొంటారు. రెండు జతల్లో 104 చొప్పున 208 పాయింట్లు, లాట్‌కు 75 యూనిట్ల లెక్కన 15,600 రూపాయలు వస్తాయి. ఆ రోజు తీటా 15.8 పాయింట్లను 750తో గుణిస్తే 11,850. ఖర్చులకు ముందు 3,750 మిగులుతుంది. మీలా ముగింపు వేళ మాత్రమే చూసేవారికి డెల్టా సున్నా నుంచి సున్నాకే వచ్చినట్టు కనిపిస్తుంది. చేయడానికేమీ ఉండదు, 11,850 పోతుంది.

అదే రోజు నిఫ్టీ 24,208కి ఎక్కి అక్కడే ముగిసిందనుకోండి. ఏమీ చేయకుండా కూర్చున్నవారి గామా రాబడి సుమారు 15,600. తీటా పోను లాభమే. 24,104 దగ్గర ఒక లాట్ అమ్మినవారు ఆ అమ్మకంపై 104 పాయింట్లు, అంటే 7,800 పోగొట్టుకుంటారు. వారికి మిగిలిన రాబడి 7,800 తీటాకు చాలదు. 208 పాయింట్ల ఒక్క కదలిక వర్గం, 104 పాయింట్ల రెండు కదలికల వర్గాల మొత్తానికి రెట్టింపు అన్న చిన్న లెక్కే దీని వెనుక ఉంది.

అంటే హెడ్జింగ్ లాభాన్ని పుట్టించదు. ఏ కొలబద్దతో కొలిచిన కదలికకు మీకు డబ్బు ముట్టాలో అది తేలుస్తుంది. ముగింపు వేళ హెడ్జ్ చేస్తే ముగింపు నుంచి ముగింపుకు లెక్కించిన వొలటాలిటీ మీది. 104 పాయింట్లకోసారి చేస్తే ఆ మెట్లలో లెక్కించినది మీది. ధర నిజంగా యాదృచ్ఛికంగా నడుస్తుంటే దీర్ఘకాలంలో రెండూ ఒకే సగటుకు చేరతాయి. పరిధిలో ఊగే మార్కెట్‌లో దగ్గర మెట్లు, ఒకే దిక్కున పరిగెత్తే మార్కెట్‌లో దూరం మెట్లు గెలుస్తాయి. ఏది రాబోతోందో తెలియనప్పుడు దగ్గర మెట్ల వల్ల రోజువారీ ఒడిదుడుకులు తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. మీ నెలలో రోజు మధ్యలో ఎంత ఊగిందో మీరు రాయలేదు కాబట్టి, దగ్గర మెట్లు మీకు మేలు చేసేవో కాదో నేను చెప్పలేను. రెండు రోజుల్లో 700 ఎక్కిన ఆ పరుగు ఒకే దిక్కున సాగి ఉంటే మాత్రం అవి కీడే చేసేవి.

2024 జూన్ 4 నాటి సంగతి ఈ విషయాన్ని పెద్ద ఎత్తున చూపించింది. ముందు రోజు 23,263.90 దగ్గర ముగిసిన నిఫ్టీ, లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు రోజున 21,884.50కి, అంటే 1,379 పాయింట్లు కింద ముగిసింది. ముందు రోజు స్ట్రాడిల్ కొని రోజంతా కదలకుండా ఉన్నవారికి ఆ 1,379 మొత్తం ఒకే కదలికగా వర్గమైంది. పడుతున్న ప్రతి వంద పాయింట్లకూ నియమం తప్పకుండా ఫ్యూచర్స్ కొంటూ పోయినవారికి వంద పాయింట్ల చిన్న వర్గాలే మిగిలాయి. ఆ రోజు మధ్యలో మరింత లోతుకు పడి పైకి లేచినప్పుడు వచ్చిన రాబడి వారికి కొంత ఊరట. దీన్ని చూసి హెడ్జ్ చేయకుండా ఉండడమే మేలన్న నిర్ణయానికి రావద్దు. 1,379 పడ్డ నిఫ్టీ ముగింపు లోపు వెయ్యి పాయింట్లు లేచి ఉంటే ఇదే పోలిక తలకిందులయ్యేది. రాత్రికి రాత్రి వచ్చే గ్యాప్ మాత్రం ఎవరూ హెడ్జ్ చేయలేనిది. మీ దగ్గర గామా ఉన్నప్పుడు అది పూర్తిగా మీదే. అందుకే 9:15కి గ్యాప్‌తో తెరుచుకున్న రోజున, ఆ గ్యాప్‌ను హెడ్జ్‌గా మార్చడం గురించి ముందు ఆలోచించి, తర్వాతే మిగతావి చూడటం నా అలవాటు.

ఖర్చు సంగతి మెట్టు వెడల్పును నేరుగా నిర్ణయిస్తుంది. మీరు చేసిన కాలంలో ఫ్యూచర్స్ అమ్మకంపై ఎస్టీటీ 0.02 శాతం. 24,104 దగ్గర ఒక లాట్ విలువ 18 లక్షల పైచిలుకు కాబట్టి పన్ను 362 రూపాయలు. స్టాంపు, ఎక్స్ఛేంజ్ రుసుము, బ్రోకరేజీ, జీఎస్టీ కలిపితే ఒక అమ్మకం, ఒక కొనుగోలు జతకు ఐదు వందల చిల్లర. కొనేవారి ధరకూ అమ్మేవారి ధరకూ మధ్య తేడాలో పోయేది మరో వంద. జతకు వచ్చే 7,800లో ఇది ఎనిమిది శాతం, భరించవచ్చు. అదే నలభై లాట్ల స్ట్రాడిల్‌తో 26 పాయింట్లకోసారి ఒక్కో లాట్ తిప్పితే జతకు వచ్చేది 1,950, ఖర్చు మాత్రం అంతే, దాదాపు మూడో వంతు. 2026 బడ్జెట్ ఆ ఎస్టీటీని 0.05 శాతానికి పెంచింది. ఆ రేటుతో పన్ను ఒక్కటే 900 దాటుతుంది, 26 పాయింట్ల మెట్టు ఇక లెక్కకు నిలవదు.

మీరు నిజంగా చేయగలిగి ఉండి, చేయనిది ఒకటుంది. నిఫ్టీ 24,700 చేరిన సాయంత్రం పాత స్ట్రాడిల్‌ను అమ్మి, కొత్త ధర దగ్గరి స్ట్రైక్‌కు మారడం. ఐవీ 12 శాతమే ఉంటే, ఏడు రోజుల 24,800 స్ట్రాడిల్ సుమారు 400 పాయింట్లకు దొరికేది. దాని మొదటి రోజు తీటా 28 పాయింట్లు. 250 కదిలిన రోజున గామా దాదాపు 50 తెచ్చేది. మీ పాత స్ట్రాడిల్ ఆ మొదటి రోజు తెచ్చిన నికర రాబడి 10, కొత్తది 22 తెచ్చేది. తర్వాతి రోజుల్లో పాతది ఎండిపోతుంటే కొత్తది పెరుగుతూ పోయేది. అయితే దీన్ని పాత వ్యాపారానికి మరమ్మతుగా భావించకండి. ఇది కొత్త కొనుగోలు, ఆ సాయంత్రం ధరకే కొనాలి. రెండు రోజుల్లో 700 పాయింట్ల పరుగు చూసిన మార్కెట్ ఐవీని 12 దగ్గరే ఉంచుతుందా? అది 15కు పెరిగి ఉంటే రోజుకు 234 పాయింట్లు కదిలితే గానీ తీటా తీరదు. 250 కదిలినప్పుడు మిగిలేది తీటాపై 14 శాతమే, హెడ్జింగ్ ఖర్చులు అందులోంచే పోవాలి. అటువంటప్పుడు పాతదాన్ని అమ్మేసి ఊరుకోవడమే నయం. స్ట్రైక్‌కూ ధరకూ దూరం, మిగిలిన రోజుల ఒక విచలనాన్ని దాటితే ఈ ప్రశ్న వేసుకోవాలన్నది నేను పాటించే హద్దు. మీ విషయంలో అది 480. పరుగు రెండో రోజునే దాటిపోయింది.

ఐవీ మాట వచ్చింది కనుక ఒక్క విషయం. కొన్న రోజున మీ స్ట్రాడిల్‌లో ఐవీ ఒక శాతం తగ్గితే 55 పాయింట్లు, అంటే మూడు రోజులకు మించిన తీటా, ఒక్క సాయంత్రంలో ఖాతా నుంచి మాయమవుతుంది. ఎక్స్‌పైరీ దాకా ఉంచి హెడ్జ్ చేసుకుంటూ పోయేవారికి ఆ నష్టం కాగితం మీదిదే. ఇకపై రోజువారీ తీటా ఆ మేరకు తగ్గుతుంది. మధ్యలో అమ్మేవారికి అది అసలు నష్టం. సాయంత్రం రాసుకునే లెక్కలో దీన్ని గామా రాబడితో కలపకుండా వేరే గడిలో రాసుకోండి. లేకపోతే ఐవీ పెరిగిన నెలలో వచ్చిన డబ్బును మీ స్కాల్పింగ్ నైపుణ్యం ఖాతాలో వేసేసుకుంటారు. కొత్తలో నేనూ కొన్ని నెలలు అలాగే మురిసిపోయాను.

మీ తమ్ముడి సంగతి. ఒక్క లాట్ స్ట్రాడిల్‌ను ఫ్యూచర్స్‌తో గామా స్కాల్పింగ్ చేయడం కుదరదు. స్ట్రాడిల్ డెల్టా ఎంత పెరిగినా ఒక లాట్‌ను దాటదు. ఒక లాట్‌కు చేరువయ్యేసరికి గామా మిగలదు. సగం డెల్టా దగ్గర ఒక పూర్తి లాట్ అమ్మితే అది హెడ్జ్ కాదు, ఇంకో దిక్కున సగం లాట్ పందెం. అయితే ఆయన దగ్గర నిఫ్టీ ఈటీఎఫ్ యూనిట్లు ఇప్పటికే ఉంటే వేరే దారి ఉంది. ఒక లాట్‌కు సమానమైన, అంటే మీ 75 యూనిట్ల లాట్ లెక్కన సుమారు 18 లక్షల విలువైన ఈటీఎఫ్ చేతిలో ఉంచుకుని, కాల్ కొనకుండా రెండు లాట్ల 24,000 పుట్ కొంటే, గామా విషయంలో అది అచ్చంగా ఒక లాట్ స్ట్రాడిల్ అవుతుంది. అప్పుడు నిఫ్టీ వంద పాయింట్లు పెరిగితే 7 నిఫ్టీ యూనిట్లకు సరిపడే ఈటీఎఫ్‌ను, అంటే లక్షా 70 వేల విలువైనవి అమ్మాలి, పడితే అంతే కొనాలి. కిందికి పడుతున్నప్పుడు కొనడానికి కొంత నగదు విడిగా ఉండాలి. షార్ట్ చేయవలసిన అవసరం రాదు, మెట్టును ఎంత చిన్నదిగానైనా పెట్టుకోవచ్చు. ఈటీఎఫ్ ధర రోజు మధ్యలో నిఫ్టీ నుంచి కాస్త పక్కకు జరుగుతుంటుంది కనుక లిమిట్ ఆర్డర్లే పెట్టమనండి. ఆ 18 లక్షలు లేకపోతే, ఒక్క లాట్ స్ట్రాడిల్ కొని ఎక్స్‌పైరీ రోజు నిఫ్టీ 663 పాయింట్లకు మించి జరిగి ఉంటుందా లేదా అన్న పందెమే ఆయన ఆడేది.